పొరటు కాకుండా గుడ్డు ఎక్కడ ఆగాలి?

కార్బొనారా చెడితే నింద చేతిమీద పడుతుంది. త్వరగా కలపలేదని, పొయ్యి ఆపడం ఆలస్యమైందని, ఇంకా అలవాటు కాలేదని అంటారు. రోమ్ నగరం పేరుతో ప్రసిద్ధమైన ఈ వంటకంలో ఉన్నవి పాస్తా, గుడ్డు, గట్టి చీజ్, పంది కొవ్వు, మిరియాలు. వేడి పాస్తా మీద పచ్చి గుడ్డు, చీజ్ కలిపిన ముద్ద వేసి తిప్పితే అది చిక్కబడి ప్రతి పోగునూ పట్టుకోవాలి. పట్టుకోకపోతే పళ్లెం అడుగున పసుపుపచ్చని నీళ్లలా మిగులుతుంది. హద్దు దాటితే కోడిగుడ్డు పొరటు అవుతుంది. ఈ రెండు వైఫల్యాలకీ మధ్య ఉన్న దూరం చేతివాటంది కాదు, ఉష్ణోగ్రతది. మిశ్రమమంతా కలిశాక ఏ వేడి దగ్గర నిలుస్తుందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. అది ముందుగానే లెక్కకట్టగలిగిన సంగతి. ఆ లెక్క ఎంత అవసరమో ఢిల్లీ వంటిల్లు చూపించినంత బాగా రోమ్ వంటిల్లు చూపించలేదు. సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో జనవరి కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 7, 8 డిగ్రీలుంటుంది. మే గరిష్ఠ సగటు 40కి దగ్గరగా వస్తుంది. చాలా ఇళ్లలో గదిని వేడిచేసే ఏర్పాటు లేదు, వంటింట్లో ఏసీ అరుదు. నోయిడాలోనో ద్వారకాలోనో ఒకే ఇంట్లో ఒకే గిన్నె ఒక ఋతువులో 14 డిగ్రీల దగ్గర, ఇంకో ఋతువులో 38 డిగ్రీల దగ్గర ఉంటుంది. చేయి మారదు, వంటకం మారుతుంది.

ముందు గుడ్డు ఎక్కడ గట్టిపడుతుందో చూడాలి. గుడ్డు గట్టిపడే ఉష్ణోగ్రత ఒక్కటి కాదు. తెల్లసొనలోని ప్రోటీన్లలో ఓవోట్రాన్స్‌ఫెరిన్ 61, 62 డిగ్రీలకే విచ్చుకోవడం మొదలుపెడుతుంది. తెల్లసొనలో సగానికి పైగా ఉండే ఓవాల్బుమిన్ మాత్రం 80 డిగ్రీలు దాటేదాకా లొంగదు. పచ్చసొన 65 దగ్గర చిక్కబడి 70 దగ్గర నిలబడుతుంది. ముడుచుకొని ఉండే ప్రోటీన్ పోగులు వేడికి విచ్చుకొని ఒకదాన్నొకటి పట్టుకోవడమే చిక్కబడటం. పట్టు వదులుగా ఉన్నంతసేపు మధ్యలో నీరు నిలుస్తుంది, అది సాస్. పట్టు బిగిసిందంటే నీటిని పిండేస్తుంది, అది పొరటు. కార్బొనారాలో మొత్తం గుడ్లకన్నా పచ్చసొనలు ఎక్కువ వేయమనడానికి కారణం రుచి ఒక్కటే కాదు. తెల్లసొన ఎక్కువైతే ముందుగా గట్టిపడే ఆ ప్రోటీన్ తెల్లటి పోగులై సాస్‌లో తేలుతుంది. ఇద్దరికి ఒక గుడ్డు, మూడు పచ్చసొనలు, 50 గ్రాముల చీజ్ తీసుకుంటే పాస్తా ఉడికిన నీళ్లతో పలచబడిన ఆ మిశ్రమానికి 65 నుంచి 70 దాకా మంచి చోటు దొరుకుతుంది. 62కి దిగువన అది ద్రవమే. 73 దాటాక నాలుక మీద రవ్వలా తగలడం మొదలవుతుంది. అంటే మనకున్న కిటికీ వెడల్పు పదకొండు డిగ్రీలకు మించదు.

చిత్రమేమిటంటే ఇదే వంటకంలో ఇదే గుడ్డు మరో చోట పూర్తిగా గట్టిపడాలి. అది పాస్తా పిండిలో. మైదాలో గుడ్డు కలిపి మర్దన చేసినప్పుడు గ్లూటెన్ అల్లుకుంటుంది. పచ్చసొనలోని కొవ్వు ఆ అల్లికను మెత్తబరుస్తుంది. మరిగే నీళ్లలో వేశాక గోధుమ పిండిలోని గంజి పదార్థం 60 డిగ్రీల ప్రాంతంలో ఉబ్బడం మొదలవుతుంది. ఇంచుమించు అప్పుడే గుడ్డు ప్రోటీన్లు కూడా గట్టిపడి ఆ గంజిని లోపలే బంధిస్తాయి. గుడ్డు లేని మైదా పోగులు నీళ్లలో జిగురుతేలడం, గుడ్డు వేసినవి తేటగా, కొరికితే కాస్త ఎదురు తిరిగేలా ఉండటం ఈ బంధం వల్లే. ఇక్కడ గుడ్డుకి హద్దు లేదు, ఎంత గట్టిపడితే అంత మేలు. సాస్‌కి పట్టే శ్రద్ధ పిండికి పట్టక్కర్లేదని దీన్నిబట్టి అనుకోకూడదు. పిండి మందం, తడి ఎంతన్నదే పాస్తా ఎంత వేడిని మోసుకొస్తుందో తేలుస్తుంది. సాస్ లెక్క అక్కడే మొదలవుతుంది.

ఇటలీ పుస్తకాలు 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు అంటాయి. ఢిల్లీలో ఈ కొలత పిండిని ఎండబెడుతుంది. కారణం గుడ్డు సైజు. మన అగ్‌మార్క్ లెక్కలో 45 నుంచి 52 గ్రాములది మధ్యరకం, 53 నుంచి 59 దాకా పెద్దది. కిరాణా కొట్టులో ట్రేలోంచి తీసిచ్చే గుడ్డు తరచుగా 50 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. పెంకు తీసేస్తే మిగిలేది 45 గ్రాములే. ఇటలీ వాళ్ల గుడ్డు అంతకన్నా పెద్దది కాబట్టి అక్కడ సరిపోతుంది. అందుకే గుడ్లను లెక్కపెట్టడం మానేసి తూచాలి. 200 గ్రాముల మైదాకి పెంకు తీసిన గుడ్డు 106 నుంచి 112 గ్రాములు పడుతుంది. అంటే రెండు గుడ్లు, ఒక పచ్చసొన, అవసరమైతే ఒక చెంచా నీళ్లు. ఇటలీ పిండి సంచి మీద ఉండే '00' అనే గుర్తు చూసి అదేదో మనకు దొరకని బలమైన పిండి అనుకుంటారు. ఆ అంకె పిండి ఎంత తెల్లగా, ఎంత నున్నగా ఉందో చెబుతుంది, ఎంత బలమైనదో కాదు. మన మైదా ఈ పనికి చక్కగా సరిపోతుంది. కాస్త కరుకుదనం కావాలంటే 200లో 40 గ్రాములు బన్సీ రవ్వను మెత్తగా మరపట్టి కలపొచ్చు, అది గట్టి జాతి గోధుమ. చక్కీ ఆటా మాత్రం వేరే సరుకు. రాళ్ల మధ్య నలిగిన గంజి కణాలు ఎక్కువ నీటిని పీలుస్తాయి, పొట్టు గ్లూటెన్ అల్లికను కోస్తుంది. మైదా కొలతలు దానికి పనికిరావు.

పిండిలోనూ ఢిల్లీ ఋతువులు చేయి పెడతాయి. మే నెలలో లూ గాలి వీచే మధ్యాహ్నం గాల్లో తేమ 20 శాతానికి దిగువకు పడిపోతుంది. ఒత్తిన రేకు అంచులు పది నిమిషాల్లో పెళుసెక్కి, మడిచినప్పుడు పగులుతాయి. కిటికీ మూసి, తడిపి పిండిన గుడ్డ కప్పి, సగం పిండి ఒత్తుతున్నంతసేపు మిగతా సగాన్ని డబ్బాలో మూసి ఉంచాలి. జులై, ఆగస్టుల్లో అంతా తలకిందులవుతుంది. రేకు ఆరదు, కోసిన పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, పైన జల్లే పొడి పిండి పెరుగుతుంది. జనవరిలో తేమ ఇబ్బంది పెట్టదు కానీ చలికి పిండి బిగుసుకుంటుంది. అరగంట నానితే చాలనే పిండికి గంట పడుతుంది. నానిందో లేదో వేలితో నొక్కితే తెలుస్తుంది. గుంట నిదానంగా, సగం దాకానే పైకి వస్తే గ్లూటెన్ సడలినట్టు. వెంటనే ఎగిరొస్తే ఒత్తిన రేకు మళ్లీ వెనక్కి లాక్కుంటుంది.

తాజా పాస్తా మీద రోమ్ సంప్రదాయం పేరుతో ఒక అభ్యంతరం వస్తుంది. కార్బొనారాకి ఎండు స్పగెట్టియే తగినదని, గుడ్డు పాస్తా ఉత్తర ఇటలీదని అంటారు. ఎండు పాస్తాకి ఉన్న సౌకర్యాలు నిజమే. ఎక్కువసేపు ఉడుకుతుంది కాబట్టి నీళ్లలోకి గంజి ఎక్కువ వదులుతుంది. లోపల గట్టిగా ఉంటుంది కాబట్టి వేడి నీళ్లలోంచి తీశాక కూడా కాసేపు నిలుస్తుంది. అయితే రోమ్ ప్రాంతంలోనే టొన్నరెల్లి అనే గుడ్డు పాస్తా ఉంది. చదరపు కోతతో రెండు మిల్లీమీటర్ల మందాన ఉండే పోగులు, వాటిని ఇలాంటి చీజ్ సాస్‌లలోనే వాడతారు. ఆ అభ్యంతరానికి జవాబు ఆ మందంలోనే ఉంది. మిల్లీమీటరు మందాన ఒత్తి వెడల్పుగా కోసిన రిబ్బన్లు గిన్నెలో పడేలోపు గాలికి వేడి పోగొట్టుకుంటాయి. రెండు మిల్లీమీటర్ల పోగు ఆ వేడిని పొట్టలో దాచుకొని తెస్తుంది. కాబట్టి తాజా పాస్తా పనికిరాదనడం సరికాదు, పల్చని తాజా పాస్తా పనికిరాదనడం సరి. నీళ్లలో గంజి తక్కువన్న లోటుకి ఇంకో ఉపాయం ఉంది, కాసేపట్లో దానికి వస్తాను.

ఇప్పుడు లెక్క. ఇద్దరికి 200 గ్రాముల తాజా పాస్తా ఉడికి 280 గ్రాముల దాకా అవుతుంది. వేడిని దాచుకునే శక్తిలో అది 215 గ్రాముల నీటితో సమానం. దానికి 60 గ్రాముల పాస్తా నీళ్లు కలుపుదాం. వేడి పక్షం మొత్తం 275, వార్చి గిన్నెలో వేసేసరికి 87 డిగ్రీలు అనుకుందాం. చల్ల పక్షంలో గుడ్డు, చీజ్ కలిపి 145 గ్రాములు, నీటి లెక్కలో 107. నాలుగు వందల గ్రాముల స్టీలు గిన్నె నీటి లెక్కలో 48. మొత్తం 155. జనవరిలో ఇవన్నీ 14 డిగ్రీల దగ్గరుంటే కలిసిన మిశ్రమం 61 దగ్గర ఆగుతుంది. కలుపుతుండగా గాలికి పోయే రెండు మూడు డిగ్రీలు తీసేస్తే 58. ఎంత వేగంగా తిప్పినా, ఎంతసేపు తిప్పినా అది చిక్కబడదు, ఎందుకంటే చిక్కబడే చోటికే చేరలేదు. మే నెలలో అదే గిన్నె, అదే గుడ్లు 38 దగ్గరుంటే ఫలితం 69. ఏమీ చేయకుండానే సరైన చోట నిలుస్తుంది. రెండు ఋతువుల మధ్య తేడా 8 డిగ్రీలు, ఇంచుమించు మన కిటికీ అంత వెడల్పు.

ఇక్కడే చలిదేశాల్లో రాసిన ఒక సలహాని పరీక్షించి చూడొచ్చు. గిన్నెను పాస్తా నీళ్లతో వేడిచేసి, ఆ నీళ్లు పారబోసి, అందులో కలపమంటారు. గిన్నె 70 డిగ్రీలకు వచ్చిందనుకుంటే జనవరిలో మిశ్రమం 61 నుంచి 67కి ఎక్కుతుంది, సలహా ప్రాణం పోసినట్టే. మేలో అదే పని చేస్తే 69 కాస్తా 73 అవుతుంది. గాలికి పోయేది తీసేసినా అంచు మీద నిలబడినట్టే, ఇంకాస్త వేడి తగిలితే రవ్వ. ఒకే పుస్తకం, ఒకే వాక్యం, నాలుగు నెలల తేడాలో మందూ అవుతుంది, చేటూ అవుతుంది. దీనికి సహజంగా వచ్చే ప్రశ్న, ఎండాకాలంలో గుడ్లు ఫ్రిజ్‌లోనే కదా ఉంటాయని. నిజమే, చాలా ఇళ్లలో ఉంటాయి, చీజ్ అయితే తప్పకుండా ఉంటుంది. అప్పుడు గుడ్డు చీజ్ ముద్ద 8 డిగ్రీలు, గిన్నె 38 అయితే ఫలితం 62కి పడిపోతుంది, గిన్నె వేడిచేయాల్సిందే, చేస్తే 65. అంటే ఋతువు ప్రభావం పోలేదు. గుడ్డు ఎక్కడ ఉంచారన్న ఇంకో సంగతి దానికి తోడైంది. కిరాణా కొట్టులో గుడ్లను బయటే పెట్టి అమ్మే ఊళ్లో, కొన్న రోజునే వండితే ఒక లెక్క, నాలుగో రోజు వండితే ఇంకో లెక్క. అందుకే గుడ్లను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలుంచి, తురిమిన చీజ్‌ను ముందే బయట పెట్టి, ఏడాది పొడుగునా ముద్దను 25 డిగ్రీల దగ్గరకు తెచ్చుకోవడం మేలు. అప్పుడు మార్చాల్సింది గిన్నె ఒక్కటే. చలికాలం వేడి గిన్నె, ఎండాకాలం మామూలు గిన్నె.

హోటళ్ల వంటవాళ్లు థర్మామీటరు లేకుండా, ఏకంగా బాణలిలోనే, కలుపుతారు కదా అనే వాదన బలమైనది. వాళ్లు లెక్కను తోసిపుచ్చడం లేదు, కళ్లతో చదువుతున్నారు. ఆవిరి పల్చబడటం, అడుగున గరిటె గీసిన దారి ఒక క్షణం నిలవడం, సాస్ పోగు మీంచి జారకుండా మెరవడం, ఇవన్నీ 65 దాటిందన్న గుర్తులే. అయితే బాణలి దగ్గర ప్రమాదం సగటు వేడిది కాదు, అడుగు వేడిది. మిశ్రమం సగటున 66 ఉన్నా, పందిమాంసం వేయించిన బాణలి అడుగు 120 ఉంటే అక్కడ తాకిన పల్చటి పొర ఒక్క సెకనులో పొరటు అవుతుంది. వంటవాడు ఆపకుండా బాణలి ఊపేది ఆ పొరను నిలవనీయకుండా ఉండటానికే. చేతివాటానికి చోటున్నది ఇక్కడే, అదీ వేడి లోహాన్ని లెక్కలోకి తెచ్చుకున్నందువల్ల వచ్చిన అవసరం. గిన్నెలో కలిపితే ఆ అవసరమే ఉండదు. మరుగుతున్న పాస్తా నీళ్ల ఆవిరి మీద గిన్నె పెట్టి తిప్పడం జనవరికి ఇంకా నమ్మకమైన దారి. వేడి పైకెక్కేది నిదానంగా కాబట్టి చిక్కబడుతుండగా దింపేయొచ్చు.

గుడ్డుతోపాటు చీజ్ కూడా విరుగుతుందన్నది చాలామంది గమనించని సంగతి. సాస్ పైకి తేటగా, అడుగున జిగురు ముద్దగా చేరితే నేరం గుడ్డుది కాదు, చీజ్‌లోని పాల ప్రోటీన్లు గుంపుకట్టాయి. మజ్జిగ పులుసులో శనగపిండి కలపకుండా మరిగిస్తే మజ్జిగ విరిగిపోయినట్టే ఇది, మందూ అదే. గంజి పదార్థం ప్రోటీన్ల మధ్య అడ్డుపడి వాటిని దూరంగా ఉంచుతుంది. ఇటలీ భౌతిక శాస్త్రవేత్తలు కార్బొనారాకి దగ్గరి చుట్టమైన కాచో ఎ పెపే సాస్ మీద ఇదే పరీక్షించారు. చీజ్ బరువులో 2, 3 శాతం గంజి ఉంటే సాస్ నిలుస్తుందని, ఒక శాతం కన్నా తగ్గితే ముద్దకడుతుందని తేల్చారు. ఆ పనికి 2025లో ఇగ్‌నోబెల్ బహుమతి వచ్చింది. 50 గ్రాముల చీజ్‌కి ఇది గ్రామున్నర లోపే. తాజా గుడ్డు పాస్తా తన గంజిని లోపలే బంధించుకుంటుంది కాబట్టి నీళ్లలో అంత దొరకదు. పాస్తాను మూడు లీటర్లలో కాక లీటరుంబావులో ఉడికించడం, పోగుల మీద జల్లిన పిండిని దులపకపోవడం కొంత సాయం. ఖచ్చితంగా కావాలంటే అరచెంచా కార్న్‌ఫ్లోర్‌ను రెండు చెంచాల నీళ్లలో ఉడికించి, చల్లార్చి, గుడ్డు ముద్దలో కలపాలి. ఇది అసలు పద్ధతి కాదని అనేవాళ్లకి ఒక్క మాట. 1954లో లా కుచీనా ఇటాలియానా పత్రిక అచ్చేసిన కార్బొనారాలో గ్రూయేర్ చీజ్, వెల్లుల్లి ఉన్నాయి. ఇవాళ అసలుదంటున్నది తర్వాత స్థిరపడిందే.

ఇంత గొడవెందుకు, క్రీమ్ వేస్తే పోతుంది కదా అన్నది ఢిల్లీలో ఎక్కువగా వినిపించే మాట. కాలేజీల చుట్టూ బండ్ల మీద దొరికే వైట్ సాస్ పాస్తాకి అలవాటుపడిన నోటికి అది సహజమే. క్రీమ్ గుడ్డును పలచబరిచి, కొవ్వుతో ప్రోటీన్లను వేరుచేసి, గట్టిపడే ఉష్ణోగ్రతను పైకి నెడుతుంది, కిటికీ వెడల్పవుతుంది. వైట్ సాస్‌ను చిక్కబరిచేది మైదా గంజి కాబట్టి దాన్ని మరిగించినా చెడదు. కానీ చిక్కదనం క్రీమ్ నుంచి వస్తే గుడ్డు చేయాల్సిన పని మిగలదు. పాల తీపి మిరియాల ఘాటును, గట్టి చీజ్ పులుపును కప్పేస్తుంది. ఐఎన్ఏ మార్కెట్‌లో ఖరీదు పెట్టి కొన్న పెకొరీనో రుచి ఎక్కడో కలిసిపోతుంది. అరచెంచా కార్న్‌ఫ్లోర్ రుచిలో కనబడకుండా ఇచ్చే రక్షణను పావు లీటరు క్రీమ్ రుచి మొత్తం మార్చి ఇస్తుంది. నాకు మొదటిదే న్యాయంగా కనిపిస్తుంది.

చివరి అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది, దానికి పూర్తి జవాబు లేదు. గుడ్డు సగం పచ్చిగా ఉంటుంది, సాల్మొనెల్లా మాటేమిటి? అమెరికాలో ద్రవరూపంలో అమ్మే గుడ్డును పాశ్చరైజ్ చేయడానికి కనీసం 60 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలు ఉంచుతారు. వేడి పెరిగేకొద్దీ పట్టే సమయం బాగా తగ్గుతుంది, 70 దగ్గర అది సెకన్ల మాట. జనవరిలో 58 దగ్గర ఆగిపోయిన పల్చని సాస్ రుచిలోనే కాదు, భద్రతలో కూడా ఓడినట్టే. మేలో సరైన చోట నిలిచిన సాస్ చాలా మెరుగు, కానీ అది ఆ వేడిలో ఉండేది కొద్దిసేపే, పైగా చీజ్‌లోని ఉప్పు, కొవ్వు సూక్ష్మజీవులకు కొంత రక్షణ ఇస్తాయి. అందుకని గర్భిణులకు, చిన్నపిల్లలకు, పెద్ద వయసువాళ్లకు వడ్డించేటప్పుడు సాస్‌ను పాస్తాతో కలపకముందే సిద్ధం చేయాలి. గుడ్డు, చీజ్, ఉడికించిన కార్న్‌ఫ్లోర్, పాస్తా నీళ్లు కలిపి, ఆవిరి మీద ఆపకుండా తిప్పుతూ, థర్మామీటరు 70 చూపించాక ఒక నిమిషం అక్కడే నిలపాలి. గంజి తోడున్నందువల్ల అది రవ్వకట్టదు, కాస్త చిక్కగా వస్తుంది, వేడి పాస్తా నీళ్లు రెండు చెంచాలు పోస్తే వదులవుతుంది. పెంకు చిట్లిన గుడ్డు, పెంకు మీద మురికి ఉన్న గుడ్డు ఈ వంటకానికి తీసుకోకూడదు. మిగిలిన కార్బొనారాను మరుసటి రోజుకి దాచడం కూడా వద్దు. మైక్రోవేవ్ అంచులను ముందే 80 దాటిస్తుంది, మొదటిసారి జాగ్రత్తగా ఆపిన గుడ్డు రెండోసారి పొరటు అవుతుంది.